స్పిన్‌లో మెషిన్ ఎగిరిపడుతుంటే

ఉతకడం బాగానే అవుతుంది. నీళ్లు పోయి స్పిన్ అందుకోగానే ధనధనమని మోత. మెషిన్ ఊగుతూ ఊగుతూ గోడ దగ్గర్నుంచి ముందుకు జరిగొస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు పరిగెత్తి రెండు చేతులతో నొక్కి పట్టుకుంటారు. ఆ పని చేయకండి, స్విచ్ ఆపేయండి. మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు బట్టలన్నీ తీసేసి, ఖాళీ మెషిన్‌ని ఒకసారి స్పిన్‌లో పెట్టి చూడండి. ఖాళీగా తిరిగినప్పుడు నిమ్మళంగా ఉంటే తప్పు చాలావరకు బట్టలది. ఖాళీగా కూడా ఊగితే కాళ్లదో, లోపలి సస్పెన్షన్‌దో.

ముందు బట్టల సంగతి. టాప్ లోడ్ మెషిన్‌లో టబ్ కింద ఆని ఉండదు. బాడీ పై మూలల నుంచి నాలుగు కడ్డీలకు వేలాడుతుంది. వాటినే సస్పెన్షన్ రాడ్లంటారు. నిమిషానికి 700 చుట్లు తిరిగే డ్రమ్ములో ఒక పక్క అరకిలో తడి బట్ట ఎక్కువైందనుకోండి. డ్రమ్ము సగం వెడల్పు పాతిక సెంటీమీటర్లయితే, ఆ అరకిలో పక్కకు లాగే బలం 65 నుంచి 70 కిలోల బరువంత అవుతుంది. అదీ ఒకే దిక్కుకు కాదు, సెకనుకు పదకొండుసార్లకు పైగా చుట్టూ తిరుగుతూ లాగుతుంది. డ్రమ్ము పై అంచులో ఉప్పునీళ్లు నింపిన బ్యాలెన్స్ రింగు ఉంటుంది. చుట్లు పెరిగాక ఆ నీళ్లు బరువుకు ఎదురు పక్కకు చేరి కొంత సర్దుతాయి. కొంతే సుమా.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది దుప్పటి. ఏడు కిలోల మెషిన్‌లో రెండు కిలోల నూలు దుప్పటి ఒక్కటే వేస్తే, సామర్థ్యంలో మూడో వంతు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ అది నీళ్లు తాగి ముద్దయి ఒక పక్కకు చేరిందంటే, ఎదురుగా దాన్ని తూచే బరువేమీ ఉండదు. మెషిన్ ఆపి, ముద్దను విప్పి, డ్రమ్ము గోడ వెంట గుండ్రంగా పరిచి, ఖాళీ ఉన్న వైపు రెండు తడి తువ్వాళ్లు వేయండి. జీన్స్ ప్యాంట్లయినా అంతే, ఒకే పక్క పోగు పడకూడదు. కొన్ని మెషిన్లు తేడా పసిగట్టి మళ్లీ నీళ్లు పట్టి బట్టలు సర్దుకుంటాయి, కుదరకపోతే UE అని చూపించి ఆగుతాయి. రెయిన్‌కోటు, నీళ్లు ఇంకని పరుపు కవరు మాత్రం స్పిన్‌లో వేయనే వేయొద్దు. మడతల్లో నీళ్లు బయటికి పోకుండా నిలిచి, స్పీడందుకున్నాక ఒక్కసారిగా పక్కకు తన్నుకుంటే మెషిన్ పడిపోయే ప్రమాదముంది.

ఇక కాళ్లు. మనం మెషిన్ పెట్టేది వాష్ ఏరియాలో. అక్కడ నీళ్లు నిలవకుండా మేస్త్రీ వాలు పెట్టే ఉంటాడు. మీటరుకు ఒక సెంటీమీటరు వాలున్నా, అరవై సెంటీమీటర్ల మెషిన్ కింద ఆరు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఎదురెదురు మూలల మీద చేతులు వేసి మార్చి మార్చి నొక్కండి. టకటకమంటే ఏదో ఒక కాలు నేలకు ఆనడం లేదు.

ప్లగ్గు తీసి, లోపల నీళ్లు లేకుండా చూసుకుని, ఒకరు మెషిన్‌ని కొద్దిగా వెనక్కి వంచి పట్టుకోవాలి. రెండోవారు ఆ కాలి మీది లాక్ నట్టు వదులు చేసి, కాలిని తిప్పి కిందికి దించాలి. కొన్ని మోడళ్లలో ముందు కాళ్లే తిరుగుతాయి, కొన్నిటిలో ఒక్కటే. పైన రసమట్టం పెట్టి ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా చూడండి. బుడగ మధ్యలో ఆగాక, లాక్ నట్టును పైకి, బాడీకి ఆనేదాకా బిగించండి. చాలామంది వదిలేసేది ఇక్కడే. నట్టు బిగించకపోతే ఆ అదురుకే కాలు తిరిగిపోయి, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. కాళ్లు ఎంత పొట్టిగా ఉంటే అంత గట్టిగా నిలుస్తాయి కాబట్టి, అవసరానికి మించి దించొద్దు. కింద అట్టముక్కలు, చెక్కపేళ్లు పెడితే తడిసి నలిగిపోతాయి. చక్రాల స్టాండు మీదుంటే ఎంత లెవెల్ చేసినా ఊగుతూనే ఉంటుంది.

అప్పటికీ ఖాళీ మెషిన్ ఊగుతుంటే, మూత తీసి, డ్రమ్మును కిందికి నొక్కి వదలండి. పైకి లేచి ఒక ఊపుతో నిలబడాలి. అలాకాక నాలుగైదుసార్లు ఎగిరెగిరి పడినా, ఒక మూలకు ఒరిగి ఉన్నా రాడ్లు అరిగినట్టే. అది మెకానిక్ పని. మార్చేటప్పుడు నాలుగూ కలిపి మార్చమనండి. ఒక్క కొత్త రాడ్డుకు మూడు పాత రాడ్లు తోడైతే టబ్ సమంగా వేలాడదు.