పేరు పక్కన టిక్కు మార్కు: ఉద్యోగం వెతుక్కునేవారికి అది ఎంతవరకు పనికొస్తుంది?

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి సాంచాల పని కోసం వచ్చిన పద్మశాలీలు వీరిలో ఎక్కువ. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే ఈ జనాభా ఎంతో ఊహించుకోవచ్చు. మొదటి తరానికి ఉద్యోగం వెతకడమంటే పెద్ద పనేమీ కాదు. ముందే వచ్చిన బావో, ఊరివాడో 'మావాడే, పని వచ్చు' అని సేఠ్‌కు ఒక మాట చెబితే మరునాడు షిఫ్టు ఎక్కేవారు. ఆ మాటే వారికి గుర్తింపు కార్డు, హామీపత్రం కూడా.

వారి పిల్లల పరిస్థితి వేరు. బీకాం చదివి, ట్యాలీ నేర్చుకుని, జీఎస్టీ రిటర్నులు వేయడం తెలిసిన అమ్మాయి ఉద్యోగం కోసం లింక్డ్‌ఇన్‌లో, నౌక్రీలో ప్రొఫైల్ పెడుతుంది. అవతల ఉన్నది ఆమెను ఎన్నడూ చూడని హెచ్ఆర్ మనిషి. 'మావాడే' అని చెప్పేవారు మధ్యలో లేరు. ఆ ఖాళీని నింపుతామంటూ వచ్చినవే వెరిఫికేషన్ బ్యాడ్జీలు. అవి నిజంగా ఏం చెబుతాయి, ఏం చెప్పవు అన్నది తెలిస్తే, వాటి కోసం ఎంత సమయం పెట్టాలో తేల్చుకోవడం సులువు.

ఒక్కో టిక్కు ఒక్కో ప్రశ్నకే జవాబు

చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా, ఈ గుర్తుల వెనుక మూడు వేర్వేరు తనిఖీలు ఉంటాయి. మొదటిది ఫోన్ నంబరు, ఈమెయిల్ ధ్రువీకరణ. ఓటీపీ వస్తుంది, కొడతాం, అయిపోతుంది. ఈ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఎత్తుతారని మాత్రమే దాని అర్థం. రెండోది గుర్తింపు ధ్రువీకరణ. మన దేశంలో లింక్డ్‌ఇన్ దీన్ని 2023లో తెచ్చింది. హైపర్‌వర్జ్ అనే సంస్థ ద్వారా, డిజీలాకర్‌లోని ఆధార్ ఆధారంగా ఇది జరుగుతుంది. ఈ పేరుగల మనిషి నిజంగా ఉన్నాడని ఇది చెబుతుంది. మూడోది పనిచేసే చోటు ధ్రువీకరణ. సాధారణంగా కంపెనీ ఇచ్చిన ఈమెయిల్‌కు కోడ్ పంపి, అది చెప్పగలిగిన వారికి ఈ గుర్తు ఇస్తారు. ఈ మనిషి ఆ సంస్థలో ఉన్నాడని దీని అర్థం.

ఆ అమ్మాయికి జీఎస్టీ రిటర్ను వేయడం వచ్చా, రెజ్యుమేలో రాసుకున్న రెండేళ్ల అనుభవం నిజమేనా అన్న ప్రశ్నలను ఈ మూడింటిలో ఏదీ ముట్టుకోదు. ఉద్యోగం ఇచ్చేవారికి కావలసినవి ముఖ్యంగా ఆ రెండే.

అయితే టిక్కు వృథా అని కాదు. ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లో ఉద్యోగ మార్కెట్ మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఒక సూత్రం ఉంది. ఒక గుర్తుకు విలువ రావాలంటే, అర్హత ఉన్నవారికంటే లేనివారికి దాన్ని సంపాదించడం ఎక్కువ కష్టం కావాలి. ఈ కొలతతో చూస్తే ఆధార్ బ్యాడ్జి నకిలీ ప్రొఫైళ్లు గుంపులుగా సృష్టించేవారికి బాగా కష్టం, అసలు మనిషికి పది నిమిషాల పని. కాబట్టి 'ఇది నకిలీ ఖాతా కాదు' అని చెప్పడానికి అది మంచి గుర్తే. మంచి అకౌంటెంటుకూ, చేతకాని అకౌంటెంటుకూ మాత్రం ఆ బ్యాడ్జి ఒకే ఖర్చుతో దొరుకుతుంది. అందుకే పనితనం విషయంలో దాని విలువ సున్నా.

బ్యాడ్జి ఉన్న ప్రొఫైళ్లను ఎక్కువ మంది చూస్తారన్న ప్రచారాన్ని కూడా కాస్త ఆచితూచి తీసుకోవాలి. ప్రొఫైల్‌ను శ్రద్ధగా నింపుకుని, తరచూ వాడేవారే బ్యాడ్జి కూడా తీసుకుంటారు. చూపులు పెరిగింది ఆ శ్రద్ధ వల్లనా, టిక్కు వల్లనా అన్నది విడదీయడం తేలిక కాదు.

సూరత్‌లో అసలు చిక్కు పేరుతోనే

కాగితం మీద పది నిమిషాల పని. లింబాయత్ అమ్మాయికి మాత్రం అది నెల రోజుల పని కావచ్చు. ఆమె పేరు స్వాతి, ఇంటిపేరు కోడం, తండ్రి రాజేశం అనుకుందాం. తెలంగాణలో అయితే ఆమె 'కె. స్వాతి' లేదా 'కోడం స్వాతి'. గుజరాత్ బడి రికార్డుల్లో ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు వరసగా రాస్తారు. తండ్రి పేరుకు మర్యాదగా 'భాయ్' తగిలిస్తారు. అంటే పదో తరగతి మార్కుల జాబితాలో ఆమె 'కోడం స్వాతి రాజేశంభాయ్'. ఆధార్‌లో ఒక్కోసారి ఆమెకూ 'బెన్' చేరి 'స్వాతిబెన్' అయి ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో తను రాసుకున్నది 'స్వాతి కోడం'. మనిషి ఒక్కరే, పేర్లు మాత్రం నాలుగు.

గుర్తింపు ధ్రువీకరణకు ప్రొఫైల్‌లో పేరు, ఆధార్‌లో పేరు సరిపోలాలి. పోలకపోతే ఆమె చేయవలసిన పనుల్లో ఒక క్రమం ఉంది. ముందు మార్చవలసింది ప్రొఫైల్‌లో పేరు, ఎందుకంటే దానికి ఖర్చు లేదు. ఆధార్‌ను ముట్టుకునే ముందు మాత్రం ఆగి ఆలోచించాలి. ఆధార్‌లో పేరు మార్పుకు సాధారణంగా జీవితకాలంలో రెండుసార్లే అవకాశం. దాన్ని ఒక టిక్కు కోసం వాడేయకూడదు. మార్చక తప్పదంటే మార్కుల జాబితా, పాన్, బ్యాంకు ఖాతా అన్నింటినీ ముందు పెట్టుకుని, ఎక్కువ చోట్ల ఉన్న రూపానికే ఆధార్‌ను తేవాలి. రేపు ఉద్యోగం వచ్చాక పీఎఫ్ ఖాతాకు కూడా ఆధార్‌లోని పేరే కావాలి. అంటే ఈ సవరణ బ్యాడ్జి కోసం దండగే అయినా, పీఎఫ్ కోసం ఎలాగూ పనికొస్తుంది.

రెండో చిక్కు ఫోన్ నంబరు. డిజీలాకర్ ఓటీపీ ఆధార్‌కు ముడిపెట్టిన నంబరుకే వెళ్తుంది. వలస కుటుంబాల్లో ఆ నంబరు చాలాసార్లు నాన్నదో, ఎప్పుడో రీచార్జి ఆపేసిన పాత సిమ్‌దో అయి ఉంటుంది. ఆధార్ కేంద్రంలో సొంత నంబరు నమోదు చేయించుకోవడం బ్యాడ్జి వచ్చినా రాకున్నా చేయవలసిన పనే.

నా అంచనాలో ఉద్యోగం వెతికేవారికి గుర్తింపు బ్యాడ్జి కంటే ఈ చిన్న ఓటీపీ తనిఖీయే ఎక్కువ పనికొస్తుంది. ఒక పోస్టుకు వందల రెజ్యుమేలు వచ్చినప్పుడు రిక్రూటర్ మొదట చేసేది జల్లెడ పట్టడం. నౌక్రీ లాంటి చోట్ల ఫోన్, ఈమెయిల్ ధ్రువీకరించిన వారిని మాత్రమే చూపించమని వారు అడగవచ్చు. అక్కడ రాలిపోతే రెజ్యుమే ఎంత బాగున్నా తెరవనే తెరవరు.

నియోగించే కంపెనీ ఏం చూస్తుంది?

కాస్త పెద్ద కంపెనీ అయితే ఆఫర్ ఇచ్చే ముందో, ఇచ్చాకో పూర్వాపరాల తనిఖీ చేయిస్తుంది. అప్పుడు అడిగేది టిక్కు కాదు, యూఏఎన్. ఆ పన్నెండంకెల పీఎఫ్ నంబరుతో పాస్‌బుక్ తెరిస్తే ఏ సంస్థ ఏ నెల నుంచి ఏ నెల దాకా డబ్బు జమ చేసిందో కనిపిస్తుంది. రెండేళ్ల అనుభవమని రాసి, అందులో తొమ్మిది నెలలే ఉంటే అక్కడే దొరికిపోతారు.

సూరత్‌లో ఇక్కడ ఒక మెలిక ఉంది. పీఎఫ్ చట్టం సాధారణంగా 20 మంది, అంతకు మించి పనిచేసే చోట్లకే వర్తిస్తుంది. బట్టల మార్కెట్లో నలుగురైదుగురితో నడిచే దుకాణంలో లెక్కలు రాసినవారికి యూఏఎన్ ఉండదు. జీతం చేతికే వస్తే బ్యాంకు ఆధారమూ ఉండదు. నిజాయతీగా రెండేళ్లు పనిచేసి కూడా ఏదీ చూపలేని పరిస్థితి ఇది. ఇక్కడ ఏ బ్యాడ్జీ కాపాడదు. పని మానేసే ముందే సేఠ్ దగ్గర దుకాణం లెటర్‌హెడ్ మీద తేదీలతో అనుభవ పత్రం తీసుకోవాలి. జీతంలో కొంతైనా బ్యాంకులో వేయమని అడగాలి. మానేసిన ఏడాదికి వెళ్లి అడిగితే వచ్చే కాగితానికి అంత బలం ఉండదు.

టిక్కును అటువైపు కూడా చూడాలి

నమ్మకం గురించిన చర్చంతా అభ్యర్థి తనను తాను నిరూపించుకోవడం చుట్టూనే తిరుగుతుంది. మోసపోయేది మాత్రం ఎక్కువగా అభ్యర్థులే. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఆంధ్ర యువకులను కంబోడియా తరలించి సైబర్ మోసాల్లోకి దించిన వ్యవహారాన్ని విశాఖ పోలీసులు 2024లో బయటపెట్టారు. కాబట్టి సొంత బ్యాడ్జికి పెట్టే పది నిమిషాలు, ఫోన్ చేసిన రిక్రూటర్ మీద కూడా పెట్టాలి.

లింక్డ్‌ఇన్‌లో ఆ మనిషి ప్రొఫైల్ తెరిచి `About this profile` నొక్కితే ఖాతా ఎప్పుడు తెరిచారో, ఏయే ధ్రువీకరణలు ఉన్నాయో కనిపిస్తాయి. అక్కడ గుర్తింపు టిక్కు ఒక్కటే ఉంటే తొందరపడొద్దు. అతను నిజమైన మనిషే కావచ్చు, చెప్పిన కంపెనీలో లేకపోవచ్చు. రిక్రూటర్ విషయంలో చూడవలసింది పనిచేసే చోటు ధ్రువీకరణ.

అసలు కంపెనీ ఉందా అన్నది తేల్చుకోవడానికి సూరత్‌లో ఇంకా మంచి దారి జీఎస్టీ నంబరు. బిల్లుల మీద ఉండే ఆ పదిహేను అక్షరాల సంఖ్య గుజరాత్‌లో 24తో మొదలవుతుంది, తెలంగాణలో 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో. gst.gov.in లో `Search Taxpayer` దగ్గర ఆ నంబరు వేస్తే వ్యాపారం పేరు, నమోదు ఇంకా అమల్లో ఉందా లేదా అన్నది లాగిన్ లేకుండానే తెలుస్తుంది. ఇక్కడా టిక్కుకున్న పరిమితే ఉంది. దొంగ కూడా మంచి దుకాణం నంబరే చెప్పగలడు. అందుకే ఫోన్ చేసినవాడు ఇచ్చిన నంబరు కాకుండా, దుకాణం బోర్డు మీదో, బిల్లు మీదో ఉన్న నంబరుకు మనమే ఫోన్ చేయాలి. ఊళ్లోనే ఉంటే మార్కెట్‌కు వెళ్లి చూసి రావాలి.

ఇక తీసుకోవాలా వద్దా? ఆధార్‌లో పేరు, ఫోన్ నంబరు సరిగ్గా ఉన్నవారు తీసుకోవచ్చు. డబ్బు ఖర్చు లేదు, ప్రొఫైల్ నకిలీదేమో అన్న అనుమానం పోతుంది. డిజీలాకర్ అనుమతి తెరమీద ఏయే వివరాలు పంచుకుంటున్నారో రాసి ఉంటుంది, అది చదివి ఒప్పుకోవాలి. ఆధార్‌లో తప్పులున్నవారు బ్యాడ్జిని ప్రస్తుతానికి వదిలేసి, ఆ సమయాన్ని అనుభవ పత్రం కోసం వాడుకోవడం మేలు. ఎవరైనా ప్రొఫైల్ వెరిఫై చేయిస్తామని డబ్బు అడిగినా, ఆధార్ ఫొటో వాట్సాప్‌లో పంపమన్నా ఆ మాట అక్కడితో ఆపేయాలి. అసలు ధ్రువీకరణ యాప్ లోపలే జరుగుతుంది, ఆ ఓటీపీని ఇంకొకరికి చదివి వినిపించవలసిన అవసరం ఎక్కడా రాదు.