పన్ను తగ్గింది సరే, బిల్లు ఎవరు మార్చాలి?

2025 సెప్టెంబరు 3 రాత్రి జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం నుంచి రేట్ల మార్పు ప్రకటన వచ్చింది. 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయి, ఎక్కువ సరుకులు 5, 18 శాతాల్లోకి సర్దుకున్నాయి. అమలు 22వ తేదీ నుంచి. ఆ రోజు సోమవారం, పైగా శరన్నవరాత్రుల మొదటి రోజు. ఆదివారం రాత్రి పాత రేట్లతో షట్టరు దించిన సూపర్‌మార్కెట్లు పొద్దున్నే కొత్త రేట్లతో తెరవాలి, అదీ పండగ రద్దీలో.

12 దుకాణాలున్న ఒక సూపర్‌మార్కెట్ సంస్థని ఊహించుకుందాం. ఈ మార్పు చెయ్యాలంటే అకౌంట్స్ వాళ్లు, ఐటీ వాళ్లు, కొనుగోళ్ల విభాగం, ఆపరేషన్స్, దుకాణాల మేనేజర్లు అందరూ కలవాలి. మీటింగ్ పెడతారు. అందరూ తలూపుతారు. "మా వైపు నుంచి చూసుకుంటాం" అంటారు. సోమవారం మధ్యాహ్నానికి లిక్విడ్ హ్యాండ్‌వాష్ మీద 18 శాతం పడాల్సిన చోట 5 శాతం పడుతోందని ఎవరో కనిపెడతారు. అకౌంట్స్ వాళ్లు పంపిన జాబితా సరిగ్గానే ఉంది. ఐటీ వాళ్లు తమకి చెప్పిందే ఎక్కించారు. దుకాణం వాళ్లు కంప్యూటర్ చూపించిందే బిల్లు కొట్టారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ.

నిజానికి తప్పు ఎక్కడ జరగొచ్చో చూడండి. ఒంటికి రాసుకునే సబ్బు బిళ్ల 18 నుంచి 5 శాతానికి దిగింది. లిక్విడ్ హ్యాండ్‌వాష్ 18లోనే ఉంది. కానీ ఈ రెండింటి హెచ్ఎస్ఎన్ కోడ్‌లో మొదటి నాలుగు అంకెలూ ఒకటే, 3401. ఐటీలో ఎవరో పని తొందరగా అవుతుందని ఆ నాలుగు అంకెలు పట్టుకుని ఒక్క దెబ్బకి రేటు మార్చేస్తే హ్యాండ్‌వాష్ కూడా 5లోకి పోతుంది. వసూలు చెయ్యని 13 శాతం తర్వాత సంస్థ జేబులోంచే కట్టాలి. జాబితాకీ కంప్యూటర్‌కీ మధ్య ఒకసారి సరిచూడటం అన్న పని ఒకటుంది. అది ఎవరి పేరునా లేదు, అంతే.

ఇలాంటి ఖాళీల్ని ముందే పట్టుకోవడానికి ప్రాజెక్టు మేనేజర్లు వాడే పట్టికని రేసీ చార్ట్ అంటారు. రెస్పాన్సిబుల్, అకౌంటబుల్, కన్సల్టెడ్, ఇన్ఫార్మ్డ్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. ఎడమ పక్కన పనులు, పైన మనుషులు. ప్రతి గడిలో ఆ పనికీ ఆ మనిషికీ ఉన్న సంబంధం రాస్తారు. పని చేతులతో చేసేవాడు ఒకడు. అది సరిగ్గా జరిగిందా లేదా అన్నదానికి చివరి మాట చెప్పి, తేడా వస్తే జవాబు చెప్పుకునేవాడు ఇంకొకడు. నిర్ణయానికి ముందు ఎవరి అభిప్రాయం అడిగి తీరాలో వాళ్లు మూడో రకం. నిర్ణయం అయ్యాక కబురు అందితే చాలనుకునేవాళ్లు నాలుగో రకం. చేసేవాడూ జవాబుదారూ ఒకే మనిషి కావచ్చు, తప్పేం లేదు. చేసేవాళ్లు నలుగురున్నా ఫరవాలేదు. జవాబుదారు మాత్రం వరసకి ఒక్కరే ఉండాలి. ఈ ఒక్క నియమం సడలిస్తే మిగతా పట్టిక గోడకి అంటించే కాగితం కింద లెక్క.

మన సంస్థలో మొదటి ప్రయత్నంగా ఒకే వరస రాస్తారు: "కొత్త జీఎస్టీ అమలు." దానికి జవాబుదారు ఎవరని అడిగితే అకౌంట్స్ మేనేజర్ వైపు అందరూ చూస్తారు. ఆయన ఒప్పుకోడు. "రేటు ఎంతో నేను చెప్పగలను సార్. అరమీద చీటీ మారిందో లేదో నేనెలా చూస్తాను?" ఆయన అడిగింది న్యాయమే. ఒక్క మనిషి ఒప్పుకోలేని వరస కనిపించిందంటే అందులో రెండు మూడు పనులు ఇరుక్కున్నాయని అర్థం. విడదియ్యాలి.

విడదీస్తే ఒక విషయం బయటపడుతుంది. రేటు మార్చడం వేరు, ధర మార్చడం వేరు. 118 రూపాయలకి అమ్ముతున్న షాంపూ తీసుకోండి. అందులో సరుకు విలువ 100, పన్ను 18. పన్ను 5 శాతానికి తగ్గితే ధర 105 కావాలి. కంప్యూటర్‌లో రేటు మాత్రం మార్చి అమ్మకపు ధర ముట్టుకోకపోతే, బిల్లు మీద 118 అలాగే ఉంటుంది. సరుకు విలువ 112 రూపాయల 38 పైసలనీ పన్ను 5 రూపాయల 62 పైసలనీ చూపిస్తుంది. లెక్క కుదిరినట్టే ఉంటుంది, కొనేవాడికి పైసా తగ్గదు. మొదటి ఫిర్యాదు ఆ కౌంటర్ దగ్గరే వస్తుంది. రేటు అకౌంట్స్ విషయం. ధర మాత్రం కంపెనీలు పంపే సవరించిన ధరల జాబితాలతో ముడిపడింది, ఆ జాబితాలు వచ్చేది కొనుగోళ్ల విభాగానికి. రెండింటికీ జవాబుదారులు వేర్వేరు.

వాదనలయ్యాక పట్టిక ఇలా తేలుతుంది:

| పని | అకౌంట్స్ మేనేజర్ | ఐటీ హెడ్ | కొనుగోళ్ల మేనేజర్ | ఆపరేషన్స్ హెడ్ | దుకాణాల మేనేజర్లు |
|---|---|---|---|---|---|
| ఏ సరుకుకి ఏ రేటు | జవాబుదారు, చేసేది | చెప్పాలి | అడగాలి | చెప్పాలి | చెప్పాలి |
| కొత్త అమ్మకపు ధర | అడగాలి | చెప్పాలి | జవాబుదారు, చేసేది | అడగాలి | చెప్పాలి |
| కంప్యూటర్‌లో ఎక్కించడం | అడగాలి | జవాబుదారు, చేసేది | అడగాలి | చెప్పాలి | చెప్పాలి |
| అరల మీద ధర చీటీలు | – | అడగాలి | చెప్పాలి | జవాబుదారు | చేసేది |
| తెరిచే ముందు నమూనా బిల్లులు | అడగాలి | అడగాలి | – | జవాబుదారు | చేసేది |

చివరి వరస మొదటి మీటింగులో లేదు. "ఆదివారం రాత్రి ఐటీ ఎక్కించింది సరిగ్గా ఉందని ఎవరు చెబుతారు?" అని దుకాణం మేనేజర్ ఒకరు అడిగితే పుట్టింది. ఎక్కించినవాళ్లే సరిచూసుకుంటే వాళ్ల పొరపాటు వాళ్ల కంటికి ఆనదు. అందుకే ప్రతి దుకాణంలో ఓ ఇరవై సరుకులకి నమూనా బిల్లు కొట్టి చూడాలని, వాటిలో సబ్బు బిళ్లా హ్యాండ్‌వాష్ రెండూ ఉండి తీరాలని, ఆ పనికి ఆపరేషన్స్ హెడ్ జవాబుదారని తేల్చారు. నెయ్యి 12 నుంచి 5కి, ప్యాక్ చేసిన పనీర్ 5 నుంచి సున్నాకి మారాయి కాబట్టి అవీ జాబితాలో చేరాయి.

పట్టికలో అన్నిటికంటే ఎక్కువ గొడవ జరిగేది "అడగాలి" గడుల దగ్గర. ఎవర్ని వదిలేసినా చిన్నబుచ్చుకుంటారని అందరి పేర్లూ అందులో పెట్టేస్తారు. మన ఆఫీసుల్లో మొహమాటం ఎక్కువ, దాని ఖర్చు ఇక్కడే పడుతుంది. అడగడమంటే జవాబు కోసం ఆగడం. ఐదుగురిని అడగాలంటే ఐదు జవాబులు వచ్చేదాకా పని ఆగినట్టే. సెప్టెంబరు 3న ప్రకటన వచ్చినా, రేట్ల అధికారిక నోటిఫికేషన్ వెలువడింది 17న. అక్కడినుంచి చేతిలో ఉన్నవి నాలుగు రోజులు. దుకాణాల మేనేజర్లు 12 మందినీ రేటు గురించి అడుగుతూ కూర్చుంటే చీటీల మీద ముద్ర పడేదెప్పుడు? వాళ్లకి రేటు విషయంలో కావలసింది కబురు మాత్రమే. నమూనా బిల్లుల దగ్గర వాళ్ల చేతులు కావాలి.

ఇంకో చిక్కు ఉంది. అడిగినవాళ్లు జవాబివ్వకపోతే ఏం చెయ్యాలో రేసీ చార్ట్ చెప్పదు. విభేదిస్తే ఎవరి మాట చెల్లుతుందో మాత్రం చెబుతుంది, జవాబుదారుది. సబ్బు బిళ్ల, హ్యాండ్‌వాష్ కలిపి ఒకే ధరకి అమ్మే కాంబో ప్యాక్ వచ్చిందనుకుందాం. పండగ ముందు కాబట్టి 5 శాతం వేద్దామని కొనుగోళ్ల మేనేజర్ అంటారు. విడివిడిగా అమ్మగలిగే వస్తువుల్ని ఒకే ధరకి కట్టగట్టి అమ్మితే, వాటిలో ఎక్కువ రేటున్న దాని ప్రకారమే పన్ను వెయ్యాలన్నది జీఎస్టీ చట్టం. అకౌంట్స్ మేనేజర్ 18 అన్నారంటే 18. కొనుగోళ్ల మేనేజర్ హోదాలో పెద్దవారైనా, ఆ వరసలో ఆయనది సలహా మాత్రమే. జవాబు గడువు కోసం మాత్రం పట్టిక కింద ఒక వాక్యం విడిగా రాసుకోవాలి: అడిగిన 24 గంటల్లో జవాబు రాకపోతే అభ్యంతరం లేనట్టే.

ఇదంతా ఒక్క ఫోన్ కాల్‌తో పోవచ్చు. కుటుంబం నడిపే సంస్థల్లో యజమాని పేరు పట్టికలో ఎక్కడ పెట్టాలన్నది ఎవరూ నోరు తెరిచి అడగరు. ప్రతి వరసకీ ఆయన్నే జవాబుదారు చేస్తే గౌరవంగా ఉంటుందనిపిస్తుంది. అప్పుడు పనీర్ రేటుకీ చీటీ సైజుకీ కూడా ఆయన ఫోన్ ఎత్తేదాకా ఆగాల్సిందే. పై నుంచి కిందికి ఒక నిలువు వరసని చదవండి. ఒకే మనిషి దగ్గర జవాబుదారీ కుప్పపడి ఉంటే అక్కడ పని ఇరుక్కుంటుంది. ఆయన్ని కబురందే గడిలో పెట్టి, ఒక్క పెద్ద నిర్ణయానికి, ఉదాహరణకి బిల్లింగ్ సిద్ధం కాకపోతే సోమవారం ఆలస్యంగా తెరవాలా వద్దా అన్నదానికి, ఆయన్ని జవాబుదారు చెయ్యడం మేలు. అది ఆయనే తేల్చగల విషయం. అయితే ఆయన దీనికి ఒప్పుకుని తర్వాత రెండుసార్లు నేరుగా ఐటీ కుర్రాడికి ఫోన్ చేసి "ఆ రేటు మార్చెయ్యి బాబూ" అన్నారంటే పట్టిక చచ్చినట్టే. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌లో గీసినా బతకదు.

జవాబుదారు పేరు ఉన్నా అధికారం లేని సందర్భమూ అంతే. "పైవాళ్లని అడిగి చెప్తా" అని ఆయన అంటున్నారంటే ఆ గడిలో రాసిన పేరు తప్పు. ఆ పైవాళ్ల పేరే అక్కడ ఉండాలి. గడిలో విభాగం పేరు రాయడం ఇంకా అన్యాయం. "అకౌంట్స్" అని రాస్తే ఆదివారం రాత్రి పదకొండింటికి ఎవరికి ఫోన్ చెయ్యాలి?

ముగ్గురు నలుగురు ఒకే గదిలో కూర్చుని చేసుకునే పనికి ఇంత తంతు అక్కర్లేదు. చార్ట్ గీసేలోపు పని అయిపోతుంది. పది పదిహేను వరసలు దాటినా ఎవరూ చదవరు. వేర్వేరు బాసులున్న మనుషులు ఒక తేదీకి కలిసి పూర్తి చెయ్యాల్సిన పనులకే ఇది.

మీ దగ్గర అలాంటి పని నడుస్తుంటే, నాలుగు మాటలూ ఒకేసారి నింపే ప్రయత్నం చెయ్యకండి. ముందు జవాబుదారు గడులు మాత్రం నింపి, ఆ కాగితాన్ని పేర్లున్న వాళ్లకే విడివిడిగా చూపించండి. ఎవరైనా "ఇది నాది కాదే" అంటే, ఆ వరస తేలేదాకా పని మొదలుపెట్టకండి.