కింది నుంచి పైకి చదివితే కోటి మిగిలింది

*రాబడి సగటు ఒకటే, తీసుకున్న డబ్బూ ఒకటే. వరుస మారితే ఒకరి ఖాతా పదమూడో ఏట ఖాళీ అయింది, ఇంకొకరి ఖాతాలో మొదలుపెట్టిన దానికంటే ఎక్కువే ఉంది.*

"రిటైర్మెంట్ డబ్బు మీద ముఖచిత్ర కథనం. గురువారం మధ్యాహ్నానికి కాపీ ఇచ్చేయాలి" అన్నారు ఎడిటర్. బొమ్మ కూడా ఆయనే అనుకున్నారు: సముద్రపు ఒడ్డున రెండు వాలుకుర్చీలు, ఒక దాంట్లో పెద్దాయన, ఇంకో దాంట్లో పెద్దావిడ, ఇద్దరి మొహాల్లోనూ నవ్వు. సోమ, మంగళవారాలు నిర్వచనాలు పోగేస్తూ పాడుచేసుకున్నాను. బుధవారం పొద్దున ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి, నిలువు గీతలు కొట్టి, 2007 నుంచి 2022 దాకా ఏటా డిసెంబరు ఆఖర్న సెన్సెక్స్ ఎక్కడ ముగిసిందో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. మొదటి అంకె 20,287. ఆఖరిది 60,841. ఆ పేజీ దొరికాక మిగతా కాగితాలన్నీ పక్కకు పోయాయి.

పదిహేనేళ్లలో మూడింతలు. అంటే ఏటా సగటున 7.6 శాతం. కోటి రూపాయలు పెట్టి ముట్టుకోకుండా వదిలేసినవారికి మూడు కోట్లు. ఈ పదిహేనేళ్ల రాబడుల్ని ఎలా కలిపి వేసినా, 2022ని ముందు పెట్టి 2008ని చివర పెట్టినా, గుణకారమే కాబట్టి ఆ మూడు కోట్లు మారవు. మ్యూచువల్ ఫండ్ కరపత్రాల్లో సగటు రాబడి ఒక్కటే కనిపించడానికి కారణం ఇదే. కదిలించని డబ్బుకు వరుసతో పనిలేదు.

కానీ రిటైరైన మనిషి డబ్బును కదిలించకుండా బతకలేడు. ఎడిటర్ గారి రెండు కుర్చీల్లో ఉన్నవాళ్లకు చెరో కోటి ఇచ్చాను. ఇద్దరూ సెన్సెక్స్‌తో పాటు నడిచే ఫండ్‌లోనే మొత్తం పెట్టారు. ఇద్దరూ నెలకు 50,000 తీసుకుంటారు, ధరలు పెరుగుతాయి కనుక ఆ మొత్తాన్ని ఏటా 6 శాతం పెంచుకుంటారు. లెక్క తేలిక కోసం ఏడాది ఖర్చును జనవరిలోనే ఒకేసారి తీసి పక్కన పెట్టుకున్నారనుకున్నాను. డివిడెండ్లు, పన్నులు, ఫండ్ ఖర్చులు వదిలేశాను. వాటిని కలిపి నెలనెలా తీసినట్టు వేస్తే అంకెలు అటూ ఇటూ అవుతాయి కానీ ఇద్దరి మధ్య తేడా పోదు. పెద్దాయన నా పేజీని పై నుంచి కిందకు బతుకుతారు, చరిత్రలో జరిగినట్టే. పెద్దావిడ కింది నుంచి పైకి.

పెద్దాయన పుస్తకం

ఆయన రిటైరైన తొలి ఏడు 2008. జనవరిలో 6 లక్షలు తీసుకోగా మిగిలిన 94 లక్షలు డిసెంబరు నాటికి 44 లక్షల 70 వేలయ్యాయి. సెన్సెక్స్ 9,647 దగ్గర ముగిసింది.

అసలు దెబ్బ ఈ పతనం కాదు, దాని తర్వాత వచ్చిన జనవరి. ఫండ్ యూనిట్ ధర 2007 ఆఖర్న 100 రూపాయలు అనుకుంటే, 50,000 చేతికి రావడానికి 500 యూనిట్లు అమ్మితే చాలు. 2008 ఆఖర్న అదే యూనిట్ 47 రూపాయల 55 పైసలు. ఇప్పుడు అదే 50,000 కోసం 1,051 యూనిట్లు అమ్మాలి. వానలు పడని ఏడు విత్తనాల గింజలు వండుకున్న రైతు పరిస్థితి ఇది. వచ్చే ఏడు వానలు ఎంత బాగా పడినా, చల్లడానికి గింజలు తక్కువే ఉంటాయి.

వాన పడింది కూడా. 2009లో మార్కెట్ 81 శాతం పెరిగింది. 2010 ఆఖరుకు సెన్సెక్స్ 20,509, అంటే ఆయన రిటైరైన రోజు కంటే కాస్త పైనే. మూడేళ్లలో ఆయన తీసుకున్నది 19 లక్షల చిల్లర. మార్కెట్ ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చింది కదా, ఖాతాలో దాదాపు 81 లక్షలు ఉండాలి. ఉన్నది 73 లక్షల 60 వేలు. తక్కువైన ఏడు లక్షలకు పైగా డబ్బు, అగ్గువకు అమ్ముకున్న యూనిట్లది. సూచీ తిరిగొచ్చింది, అమ్మేసిన యూనిట్లు తిరిగి రాలేదు. "ఓపిక పట్టండి, మార్కెట్ ఎప్పటికైనా కోలుకుంటుంది" అనే మాట మీద నాకు నమ్మకం తగ్గింది ఇక్కడే. ఆ మాట ఉద్యోగంలో ఉండి నెలనెలా సిప్ కట్టే కుర్రాడికి నిజం. అతనికి 2008 పండగే, అగ్గువకు కొనుక్కుంటాడు. నెలనెలా అమ్ముకునే మనిషికి అదే ఏడు శాపం.

ఆ తర్వాత కథ నత్తనడక. 2011లో 25 శాతం పతనం. 2014లో 30 శాతం పెరుగుదల వచ్చినా, అప్పటికి ఖాతాలో మిగిలిన 41 లక్షల మీదే వచ్చింది. 2019 ఆఖరుకు 9 లక్షల 40 వేలు మిగిలాయి. 2020లో ఆయనకు కావలసింది 12 లక్షలు. ఉన్నదంతా తీసుకున్నా తొమ్మిది నెలలకే సరిపోయింది, ఖాతా మూతపడింది.

పెద్దావిడ పుస్తకం

ఆవిడ తొలి ఏళ్లు 2022, 2021, 2020, 2019. గొప్ప ఏళ్లేమీ కావు, 4 నుంచి 22 శాతం మధ్య పెరిగినవి. కానీ ఒక్కదాంట్లోనూ నష్టం లేదు. అయిదేళ్లు తిరిగేసరికి, అన్నీ తీసుకోగా కోటీ 31 లక్షలున్నాయి. ఆమెకు కూడా 2015, 2011 పతనాలు తగిలాయి. అన్నిటికంటే ఘోరమైన 2008 ఆమెకు పదిహేనో ఏట, ఖాతాలో రెండు కోట్ల 30 లక్షలకు పైగా ఉన్నప్పుడు తగిలింది. ఒక్క ఏడాదిలో కోటీ 20 లక్షలకు పైగా పోయాయి. అయినా చివర్న మిగిలింది కోటీ 11 లక్షలు.

ఇద్దరూ ఒకే పతనాలు చూశారు, ఒకే సగటు పొందారు. ఆ 7.6 శాతం ఏటా సమానంగా వచ్చి ఉంటే ఇద్దరి డబ్బూ 19 ఏళ్లు వచ్చేది. దీన్నే పెట్టుబడుల భాషలో సీక్వెన్స్ ఆఫ్ రిటర్న్స్ రిస్క్ అంటారు. రాబడుల వరుస వల్ల వచ్చే ముప్పు అనుకోవచ్చు.

ఎడిటర్ "చరిత్ర కూడా కాస్త" అన్నారు కాబట్టి గబగబా: కాలిఫోర్నియాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అమెరికా మార్కెట్ పాత లెక్కలు తిరగేసి, ఏయే ఏట రిటైరైన వాళ్ల డబ్బు ఎన్నేళ్లు వచ్చేదో చూశారు. మొదటి ఏడు 4 శాతం తీసుకుని ఆపై ధరల ప్రకారం పెంచుకున్నవారికి ముప్పై ఏళ్లు వచ్చేదని తేల్చారు. అందరికంటే ఇరుకున పడినవారు 1966 ప్రాంతంలో రిటైరైనవారు. వాళ్లకు 1973-74 పతనం, ధరల మంట రెండూ తొలి దశాబ్దంలోనే వచ్చిపడ్డాయి. ఇక్కడ 4 శాతం సూత్రాన్ని వల్లించేవాళ్లు అది అమెరికా ధరల పెరుగుదల మీద కట్టిన లెక్క అని చెప్పడం మరిచిపోతుంటారు. మన పెద్దాయన 6కి బదులు 4 లక్షలతో మొదలుపెట్టి ఉంటే 2022 ఆఖరుకు 77 లక్షలు ఉండేవి. అయితే తర్వాతి ఏడు ఆయనకు కావలసింది అందులో ఎనిమిదో వంతు.

రెండేళ్ల డబ్బాతో ఎంత దూరం?

సలహాదారులందరూ చెప్పే మందు ఒకటుంది: రెండేళ్ల ఖర్చు బ్యాంకు డిపాజిట్లో పెట్టుకో, మార్కెట్ పడితే ఆ డబ్బాలోంచి తిను, యూనిట్లు ముట్టుకోకు. నేనూ ఈ మాటను నమ్మినవాణ్ణే. అందుకే పెద్దాయన చేత అదే చేయించాను. 12 లక్షల 36 వేలు పక్కన పెట్టి, 2008, 2009 అందులోంచి గడిపారు. వడ్డీ లెక్కలోకి తీసుకోలేదు. మిగతాది మార్కెట్లో ముట్టుకోకుండా ఉంచి, 2010 నుంచి మామూలుగా తీశారు.

డబ్బు 2021 ఆఖరు దాకా వచ్చింది. అంటే కలిసొచ్చింది ఏడాది చిల్లర. నాకు నిరాశే మిగిలింది. కారణం కూడా పేజీలోనే ఉంది. డబ్బా మొదటి దెబ్బను కాచింది, 2011లో రెండో దెబ్బ తగిలేసరికి ఖాళీ. దాన్ని మళ్లీ నింపే నియమం లేకపోతే డబ్బా ఒకసారికే పనికొస్తుంది.

తర్వాత ఇంకొకటి ప్రయత్నించాను. డబ్బా తీసేసి, ఒకే ఒక నియమం పెట్టాను: మార్కెట్ పడిన ఏడు తర్వాత వచ్చే జనవరిలో 6 శాతం పెంపు తీసుకోకూడదు. పాత మొత్తమే. పదిహేనేళ్లలో అలా ఆగాల్సి వచ్చింది మూడుసార్లు: 2009, 2012, 2016. నెలకు 50 వేలు తీసుకునే మనిషికి మొదటిసారి తగ్గింది 3 వేలు. కానీ ఒకసారి వదిలిన పెంపు ఆ తర్వాత ప్రతి ఏడూ తక్కువగానే ఉంటుంది, ఆ ఆదా పేరుకుంటుంది. పదిహేనేళ్లూ పూర్తయ్యాయి, చివర రెండున్నర లక్షలు మిగిలాయి కూడా. ఈ ఒక్క చరిత్రలో చిన్న సర్దుబాటు పెద్ద డబ్బాను దాటింది. ఇంకో చరిత్రలో తారుమారు కావచ్చు, అందుకే రెండూ ఉండటం మేలు.

> పక్క పెట్టె: ఎవరికి ఈ బెడద లేదు
>
> పాత పెన్షన్, దాంతో పాటు డీఆర్ వచ్చే ప్రభుత్వ ఉద్యోగికి ఈ కథ వర్తించదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరి సీపీఎస్‌లోకి వెళ్లినవారికి, ప్రైవేటు ఉద్యోగులకు వర్తిస్తుంది.
>
> సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షల దాకా పెట్టవచ్చు. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకు 61,500 వస్తుంది. ఆ మేరకు ఫండ్ యూనిట్లు అమ్మాల్సిన పని తప్పుతుంది. అయితే ఆ వడ్డీ మొత్తం ధరలతో పాటు పెరగదు.

ముందే తెలుస్తుందా?

డబ్బు అయిపోబోతోందని తెలుస్తుంది, కానీ ఫండ్ స్టేట్‌మెంట్‌లో మనం చూసే చోట కాదు. అక్కడ రాబడి శాతం బాగానే కనిపిస్తుంది. చూడాల్సింది యూనిట్ల సంఖ్య, దాంతో పాటు ఒక భాగహారం: ఈ ఏడు తీయబోయే మొత్తాన్ని ఖాతాలో ఉన్న మొత్తంతో భాగిస్తే ఎంత శాతం? పెద్దాయన 6తో మొదలయ్యారు. 2009 జనవరిలో అది 14 దాటింది. 81 శాతం పెరిగిన ఏడాది తర్వాత కూడా 10కి దగ్గర్లోనే నిలిచింది, 2014 జనవరికి 17 అయింది. డబ్బు అయిపోవడానికి ఆరేళ్ల ముందే పుస్తకం ఆ సంగతి చెప్పింది. పెద్దావిడకు అయిదేళ్ల తర్వాత కూడా అది 6 దగ్గరే ఉంది.

ఎడిటర్‌కు గురువారం కాపీతో పాటు నోట్‌బుక్ పేజీ కూడా ఇచ్చాను. ముఖచిత్రం మార్చలేదు, రెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి. 2021లో సెన్సెక్స్ 22 శాతం పెరిగింది. డబ్బా, పెంపు నియమం ఏదీ లేని ఆ పెద్దాయన దగ్గర అప్పటికి ఒక్క యూనిట్ కూడా లేదు.