నా ఫోను ఆ జాబితాలో ఉందా?

2016 అక్టోబరు 15 తర్వాత అమెరికాలో విమానం ఎక్కినవాళ్లకు ఆ ప్రకటన గుర్తుండే ఉంటుంది. సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోను జేబులో ఉన్నా, చేతిసంచిలో ఉన్నా, పెట్టెలో ఉన్నా సరే, దాంతో విమానంలోకి రాకూడదు. ఆగస్టు 19న అమ్మకానికి వచ్చిన ఫోను రెండు నెలలు తిరగకముందే ప్రయాణికులకు నిషిద్ధ వస్తువైంది. ఛార్జింగులో ఉండగానో, ఊరికే పక్కన పెట్టినప్పుడో బ్యాటరీ వేడెక్కి అంటుకోవడమే కారణం.

కంపెనీలు తప్పు సరుకును వెనక్కి పిలవడం కొత్తేమీ కాదు. కానీ ఈ ఒక్క ఫోనును రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. మొదటి పిలుపులో కొనుగోలుదారులకు ఏం చెప్పారో, అది ఎక్కడ తప్పిందో చూస్తే, అలాంటి నోటీసు మన చేతికి వచ్చినప్పుడు దాన్ని ఎలా చదవాలో తెలుస్తుంది.

నోటీసు చూడగానే ఎవరికైనా మొదట వచ్చే సందేహం 'ఇందులో నాది ఉందా?' అనేదే. మందు సీసాకైతే బ్యాచ్ నంబరు ఉంటుంది. ఫోనుకైతే ఐఎంఈఐ అనే 15 అంకెల సంఖ్య ఉంటుంది. ఫోన్ చేసే చోట *#06# నొక్కితే అది తెరమీద కనబడుతుంది. ఈ సంఖ్య ప్రతి ఫోనుకూ వేరు. 2016 సెప్టెంబరు 15న అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం సుమారు పది లక్షల నోట్ 7 ఫోన్లను వెనక్కి పిలిచింది. అప్పటికి అమెరికాలో ఫోను వేడెక్కిందని 92 ఫిర్యాదులు అందాయి, వాటిలో 26 మందికి కాలిన గాయాలయ్యాయి. సెప్టెంబరు 15కు ముందు అమ్మినవన్నీ ఆపెయ్యండి, మీ ఐఎంఈఐని కంపెనీ వెబ్‌సైటులో సరిచూసుకోండి అని నోటీసు చెప్పింది. మార్చి ఇచ్చిన కొత్త ఫోను తెరమీద బ్యాటరీ గుర్తు ఆకుపచ్చగా ఉంటుందని కూడా చెప్పారు. ఆకుపచ్చ కనిపిస్తే భయం లేదన్నమాట. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే గుర్తు. దాన్ని ఆలోచించినవాళ్లను మెచ్చుకోవాల్సిందే.

అయితే అక్టోబరు 5న లూయీవిల్ విమానాశ్రయంలో బయల్దేరబోతున్న సౌత్‌వెస్ట్ విమానంలో ఒక నోట్ 7 పొగలు కక్కింది. ప్రయాణికులందరినీ దించేశారు. ఆ ఫోను మార్చి ఇచ్చినదే. ఆకుపచ్చ గుర్తున్నదే.

ఏమైందో 2017 జనవరి 23న సామ్‌సంగే వివరించింది. ఈ ఫోనుకు బ్యాటరీలు రెండు కంపెనీల నుంచి వచ్చేవి. మొదటి కంపెనీ బ్యాటరీలో కుడివైపు పై మూలన లోపలి రుణ ఎలక్ట్రోడు వంగిపోయింది. అది ఒరుసుకుని షార్ట్ అయ్యేది. దాన్ని పక్కన పెట్టి, మార్చే ఫోన్లన్నిటికీ రెండో కంపెనీ బ్యాటరీలు వేశారు. వాటిలో జబ్బు వేరు. వెల్డింగ్ చేసినచోట లోహపు ముళ్లు మిగిలిపోయి, మధ్యలో ఉండే పలుచని పొరను చీల్చుకుని అవతలి ఎలక్ట్రోడును తాకాయి. కొన్నిటిలో అడ్డంగా ఉండాల్సిన టేపు కూడా లేదు.

అంటే నోటీసులో గీసిన గీత తప్పింది. 'ఈ నంబర్లు ప్రమాదం, ఆ నంబర్లు క్షేమం' అని చెప్పాలంటే తప్పు ఎక్కడుందో ముందు పూర్తిగా తెలిసి ఉండాలి. ఆ సెప్టెంబరులో సామ్‌సంగ్‌కు సగమే తెలుసు. ఒక బ్యాటరీలో దోషం కనబడింది కాబట్టి రెండోదానిలో లేదనుకుంది. అందుకే బ్యాచ్ నంబర్లిచ్చిన ప్రతి నోటీసులోనూ నేను వెతికేది 'ఈ నంబర్లే ఎందుకు?' అనే వాక్యం కోసం. ఫలానా నెలలో ఫలానా యంత్రం మీద తయారైనవి అని రాస్తే ఆ గీతకు ఆధారం ఉన్నట్టు. కారణం చెప్పకుండా నంబర్లు మాత్రమే ఇస్తే, నా నంబరు అందులో లేకపోయినా ఆ వస్తువును కొన్నాళ్లు పక్కన పెడతాను. అక్టోబరు 13న రెండో నోటీసు వచ్చింది. ఈసారి గీతే లేదు. అమెరికాలోని సుమారు 19 లక్షల ఫోన్లూ వెనక్కే.

ఇక తిరిగి ఇవ్వడం. అంటుకునే బ్యాటరీని కొరియర్లో వేస్తే, అది ఎక్కేది మళ్లీ విమానమే కావచ్చు. అందుకని సామ్‌సంగ్ ఒకదానిలో ఒకటి ఇమిడే పెట్టెలు పంపింది. పై పెట్టెకు లోపల మంటను ఆపే సిరామిక్ నార కాగితం అతికించారు. అది కొందరి చర్మానికి పడదు కాబట్టి చేతితొడుగులూ పెట్టారు. రోడ్డు మార్గానే పంపాలని పెట్టె మీద ముద్రించారు. అప్పట్లో ఇది వింతగా కనిపించింది కానీ, నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో సరిగ్గా చేసిన పని ఇదే. వస్తువును ఎలా కట్టాలో, ఎలా పంపకూడదో, ఖర్చు ఎవరిదో కంపెనీయే తేల్చింది. బ్యాటరీ, గ్యాస్, రసాయనం ఉన్న వస్తువును 'మాకు పంపండి' అని మాత్రమే రాసి వదిలేస్తే, ప్రమాదాన్ని కంపెనీ గోదాములోంచి మన వాకిట్లోకి నెట్టినట్టే.

ఇంత చేసినా కొందరు ఇవ్వలేదు. ఫోను బాగానే పనిచేస్తోంది కదా అనుకున్నారు. డిసెంబరు 9 నాటికి అమెరికాలో 93 శాతమే వెనక్కి వచ్చాయి. మిగిలినవి అసలు ఛార్జింగే ఎక్కకుండా చేసే సాఫ్ట్‌వేర్‌ను డిసెంబరు 19 నుంచి పంపుతామని కంపెనీ ప్రకటించింది. ఫోను కాబట్టి అలా చేయగలిగారు. మిక్సీకో, పాలపొడి డబ్బాకో ఆ దారి లేదు.

డబ్బు సంగతికొస్తే, నోట్ 7 కొన్నవాళ్లు ఎక్కడ కొన్నారో అక్కడికే వెళ్లి పూర్తి ధర వాపసు తీసుకునే వీలుండేది, లేదా వేరే ఫోను పుచ్చుకునే వీలుండేది. సామ్‌సంగ్ ఫోనే మళ్లీ తీసుకుంటే 100 డాలర్ల వరకు, వేరేది తీసుకున్నా డబ్బే కోరినా 25 డాలర్లు అదనం. ఇలాంటి ఎర ఉన్నచోట కొనుగోలుదారు ఆగి ఆలోచించాలి. డబ్బు అడిగే హక్కు అలాగే ఉంటుంది. సెప్టెంబరులో మార్చిన వస్తువుతో సరిపెట్టుకున్నవాళ్లే రెండోసారి ప్రమాదంలో పడ్డారు.

'ఏడు రోజుల్లో చెల్లిస్తాం' అని నోటీసులో ఉంటే, ఏడు రోజులు ఎప్పటినుంచో చూడండి. మనం పంపిన రోజు నుంచా, వాళ్లకు అందిన రోజు నుంచా, పరీక్షించి ఒప్పుకున్న రోజు నుంచా? మూడోదైతే ఆ గడువుకు అంతే లేదు. వాయిదాల మీద కొన్నవాళ్లు ఇంకొకటి అడగాలి: వాపసు అప్పుకు జమ అవుతుందా, అప్పటిదాకా వచ్చే కిస్తీ ఎవరు కట్టాలి?

మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ప్రమాదకరమైన సరుకును వెనక్కి తీసుకోమనీ, కొన్నవాళ్లకు ధర తిరిగివ్వమనీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించగలదు. 2022 ఆగస్టులో ఆ పనే చేసింది. భారతీయ ప్రమాణాలకు తగ్గని 2,265 ప్రెషర్ కుక్కర్లు అమెజాన్ ద్వారా అమ్ముడయ్యాయి. వాటిని కొన్న ప్రతి ఒక్కరికీ విషయం తెలియజేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, ధర చెల్లించి, 45 రోజుల్లో నివేదిక ఇమ్మంది. లక్ష రూపాయల జరిమానా వేసింది.

ఆన్‌లైన్‌లో కొన్న కుక్కరు కాబట్టి ఆ 2,265 కుక్కర్లు కొన్నవాళ్ల చిరునామాలూ అమ్మినవాళ్ల దగ్గరున్నాయి. బజారులో నగదిచ్చి కొన్నవాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు. వాళ్లకు మిగిలేది బిల్లు, కుక్కరు మీది ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో, ఇప్పటికీ చెల్లుతోందో లేదో తెలుస్తుంది.