చదవలేని గడికి కారణం కూడా రాయాలి

మైలవరం వంటి పూర్వపు జమీందారీ ప్రాంతాలలో, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత భూములకు ఆధారంగా నిలిచిన పత్రం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అనగా సర్వే నంబర్ల వారీగా విస్తీర్ణాన్నీ, తరగతినీ, హక్కుదారునూ నమోదు చేసిన రిజిస్టరు. ఇటువంటి చేతిరాత పుట బొమ్మను భాషా నమూనాకు ఇచ్చి, అందులోని వివరాలను గడులుగా విడదీయమనడాన్ని ‘సంగ్రహణ’ అంటారు.

ఉదాహరణకు 112వ సర్వే నంబరు మొత్తం 4.85 ఎకరాలనీ, 112/1 విస్తీర్ణం 1.20, 112/3 విస్తీర్ణం 1.15 అనీ స్పష్టంగా ఉండి, 112/2 దగ్గర తడి మరక వల్ల ‘2.’ మాత్రమే కనిపిస్తున్నదనుకుందాం. తరువాత ఏ గుర్తు రావడానికి ఎక్కువ అవకాశముందో లెక్కించి రాయడమే నమూనా పని కాబట్టి, పైగా ఆ గడిలో సంఖ్య తప్పనిసరి అని నిర్దేశించి ఉంటే, అది 2.25 అని నిస్సంకోచంగా రాయగలదు. అప్పుడు భాగాల మొత్తం 4.60 అయి, 25 సెంట్లు తగ్గి, తప్పు పట్టుబడుతుంది. మొత్తం ఉన్న చోట కూడా మరక పడితే పట్టుకునే దారి లేదు. మొత్తం కనిపిస్తే తీసివేతతో 2.50 అని తేల్చవచ్చు గాని, అది లెక్కకట్టినదే తప్ప చదివినది కాదు. దానిని వేరే గడిలో ఉంచవలసిందే.

అయితే ఉత్త ఖాళీ కూడా చాలదని చుక్కల భూముల చరిత్ర చూపుతుంది. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో హక్కుదారు పేరు తేలని చోట చుక్కలు పెట్టారు. ఊహించి పేరు రాయకపోవడం సబబే గాని, కారణం నమోదు కాకపోవడంతో అటువంటి భూములు నిషేధిత జాబితాకెక్కి, వాటి కోసం 2017లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది.

అందువల్ల నమూనాకిచ్చే ఆదేశంలో, “అంకె స్పష్టంగా కనిపించకపోతే `null` రాయాలి; పక్క వరుసల నుంచి గాని, మొత్తం నుంచి గాని ఊహించి నింపకూడదు” అని చెప్పి, గడి నిర్మాణంలో `null`ను అనుమతించి, కనిపించినంత భాగాన్నీ కారణాన్నీ విడిగా అడగాలి:

```json
{"survey_no": "112/2", "extent": null,
 "seen": "2.??", "reason": "stain"}
```

మూలంలోనే ఖాళీగా ఉన్న గడికి `blank`, కొట్టివేసినదానికి `struck` అని వేరు కారణాలుండాలి. ఇటువంటి నింపిన ఉదాహరణ ఒకటి ఆదేశంలోనే చూపితే, నియమం ఒక్కటే చెప్పినప్పటి కంటే మెరుగైన ఫలితం రావచ్చు. ఆ పైన మరకలున్నవీ లేనివీ కలిపి కొన్ని పుటలను మనిషి చేత చదివించి పోల్చినప్పుడు, ఊహించి నింపిన గడులనూ, చదవగలిగి ఉండీ వదిలేసిన గడులనూ రెండు వేరు లెక్కలుగా తీయాలి. మొదటి లెక్క సున్నాకు చేరువయ్యే దాకా ఆ ఆదేశంతో రిజిస్టరంతా నడపరాదు.