ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు

మా చెల్లిది చామనఛాయ. మొన్న ఒక రిసెప్షన్‌కి కొత్త ఫౌండేషన్ వేసుకుని బయల్దేరింది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద బాగానే ఉంది. ఫంక్షన్ హాల్ మెట్ల మీద సాయంత్రపు ఎండ పడేసరికి ముఖానికి విభూది రాసుకున్నట్టు కనబడింది. "మరీ తెల్లది కొన్నావేంటే?" అన్నాను. తీరా చూస్తే అది తెల్లదేం కాదు, గాఢత సరిగ్గానే ఉంది. తప్పింది అండర్‌టోన్.

చర్మం ఎంత ముదురు అన్నది ఒక సంగతి, దాని అడుగునుంచి తొంగిచూసే వన్నె ఇంకో సంగతి. ఒకే చామనఛాయ ఉన్న ఇద్దరిలో ఒకరికి బంగారు పసుపు, ఇంకొకరికి ఎరుపు తొంగిచూడొచ్చు. కొందరిలో పసుపుతో పాటు కాస్త పచ్చదనం ఉంటుంది, దాన్నే ఆలివ్ అంటారు. పసుపు వన్నె మీద గులాబీ వన్నె ఫౌండేషన్ పడితే బూడిద రంగు తేలుతుంది. మణికట్టు నరాలు చూసి తేల్చుకోమంటారు గానీ, ముదురు చర్మంలో ఆ నరాలు కనబడితే కదా!

సీసా మీది అక్షరాలు కొంత దారి చూపిస్తాయి. చాలా కంపెనీల్లో డబ్ల్యూ అంటే వార్మ్, పసుపు వైపు. సీ అంటే కూల్, గులాబీ వైపు. ఎన్ అంటే రెండింటికీ మధ్య. మ్యాక్‌లో మాత్రం తిరగేసి చదవాలి. అక్కడ ఎన్‌సీ బంగారు వన్నె వాళ్లకు, ఎన్‌డబ్ల్యూ గులాబీ వన్నె వాళ్లకు. అక్షరాలు లేకపోతే పేరు చూడండి. గోల్డెన్, హనీ అంటే సాధారణంగా పసుపు వైపు, రోజ్ అంటే గులాబీ వైపు. అంకెలు మాత్రం ఏ కంపెనీవి ఆ కంపెనీవే.

ఆ తర్వాత చెల్లిని షాపుకి తీసుకెళ్లి, దవడ అంచు నుంచి మెడ మీదికి మూడు గీతలు గీయించాను. ఒకటి పాత షేడ్, రెండోది అదే గాఢతలో గోల్డెన్, మూడోది ఒక మెట్టు లేత గోల్డెన్. గీసిన వెంటనే రెండోది చర్మంలో కలిసిపోయింది. సేల్స్ అమ్మాయి బిల్లు రాయబోతే ఆపి, ఇరవై నిమిషాలు బజార్లో తిరిగొచ్చాం. ఆరాక, చర్మం జిడ్డు తగిలాక చాలా ఫౌండేషన్‌లు కాస్త ముదురుతాయి. పగటి వెలుతురులో చూస్తే రెండోది ఇటుక రంగుకి తిరిగింది. కనబడకుండా పోయింది మూడోది.

మనలో చాలామందికి నోటి చుట్టూ, నుదుటి మీద నలుపు ఎక్కువ. దాన్ని కప్పాలని లేత షేడ్ పూస్తే అక్కడే బూడిద రంగు తేలుతుంది. ఆ చోట ముందు నారింజ రంగు కరెక్టర్ పలచగా అద్ది, పైన మామూలు షేడే వేయాలి.

కాంపాక్ట్‌కీ ఇదే అండర్‌టోన్ చూడాలి. ఫౌండేషన్ మీద వేస్తే అది ఇంకో పొర రంగు, కాబట్టి పలచగా అద్దితే చాలు. తెల్లటి ట్రాన్స్‌లూసెంట్ పౌడర్ కంటికి కనబడదు గానీ, ముదురు చర్మం మీద ఫ్లాష్ పడితే ఫొటోలో తెల్లగా మెరుస్తుంది. ఈసారి చెల్లి ఇంట్లోంచి కదిలేముందే లైటు ఆర్పి, ఫోన్ ఫ్లాష్‌తో ఒక సెల్ఫీ తీసుకుంది.