ఖాతా మారిందని నోటీసు వస్తే ఏం చూడాలి?

సూరత్‌లోని పాండేసర మిల్లులు వ్యాపారుల గుడ్డకు రంగులద్ది జాబ్‌వర్క్ బిల్లు పంపుతాయి. ఆ మిల్లు పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని నోటీసు వస్తే, అందులోని నంబర్‌కు ఫోన్ చేసి లాభం లేదు. నోటీసు మోసగాడిదైతే ఫోన్ ఎత్తేదీ అతడే. పాత బిల్లుపై ఉన్న నంబర్‌కే చేసి, కొత్త ఖాతా చివరి నాలుగు అంకెలు అవతలివారితోనే చెప్పించాలి.

తర్వాత పేరు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో సొమ్ము ఖాతా నంబర్‌ను బట్టే జమవుతుంది. మనం రాసిన పేరు తప్పైనా ఆగకపోవచ్చు. అందుకే 2025 ఏప్రిల్ 1 కల్లా ఖాతాదారు పేరును ముందే చూపే సదుపాయం కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. అక్కడ మిల్లుకు బదులు ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే చెల్లింపు ఆపాలి. సొమ్ము వెళ్లిపోతే వెంటనే బ్యాంకుకు, 1930కి ఫిర్యాదు చేయాలి.